‘ఐ క్యాన్ టూ’ ఒప్పయితే ‘ఐ లైక్ టూ’ తప్పెందుకు?

‘షీ క్యాన్ స్విమ్, అండ్ ఐ క్యాన్ టూ.’ ఆమె ఈదగలదు, నేనూ ఈదగలను అని దీని అర్థం. కానీ రెండో సగాన్ని విడదీసి చూస్తే అందులో ఈత ఎక్కడా లేదు. ‘స్విమ్’ అనే మాట మొదటి సగంలో ఒకసారి వచ్చేసింది కాబట్టి రెండోసారి అనలేదు. వినేవాళ్లే దాన్ని అక్కడి నుంచి తెచ్చి ఇక్కడ పెట్టుకుంటారు. ఇలా మాటను వదిలేయడాన్ని ఇంగ్లీషు వ్యాకరణంలో ఎలిప్సిస్ అంటారు. పద్యానికి తాత్పర్యం చెప్పే మాస్టారు ‘ఇక్కడ ఫలానా మాట అధ్యాహారం చేసుకోవాలి’ అంటారు కదా, వినేవాళ్లు చేసేది ఆ పనే.

ఇప్పుడు ఇంకో వాక్యం చూడండి. ‘షీ లైక్స్ మ్యాంగోస్, అండ్ ఐ లైక్ టూ.’ పైకి ఇదీ మొదటి వాక్యంలాగే ఉంది. చెప్పదలచుకున్నదేమిటో తెలుస్తూనే ఉంది. అయినా ఇది ఇంగ్లీషులో తప్పు. ‘ఐ డూ టూ’ అనాలి, లేదంటే ‘ఐ లైక్ దెమ్ టూ’ అనాలి. ఒకటి ఒప్పు, ఒకటి తప్పు కావడానికి కారణం అర్థంలో లేదు. ఖాళీని ఆనుకుని, దానికి ముందు ఏ మాట నిలబడి ఉందన్న దాంట్లో ఉంది. ఇంగ్లీషులో మాట వదిలేటప్పుడు ఏది పోయిందన్న దానికన్నా ఏది మిగిలిందో ముందు చూడాలి.

ఖాళీకి కాపలా ఎవరు?

క్రియను వదిలేసినప్పుడు ఖాళీకి ముందు నిలబడే అర్హత హెల్పింగ్ వెర్బులకు ఉంది. క్యాన్, కుడ్, విల్, వుడ్, షుడ్, మస్ట్, మే, మైట్ ఒక జట్టు. హ్యావ్, హ్యాజ్, హ్యాడ్ ఇంకో జట్టు. యామ్, ఈజ్, ఆర్, వాజ్, వర్ మరో జట్టు. వీటికి తోడు డూ, డజ్, డిడ్. ఈ జాబితాను బట్టీ పట్టనక్కర్లేదు. ఒక మాట హెల్పింగ్ వెర్బు అవునో కాదో తెలుసుకోవడానికి రెండు పరీక్షలు చాలు. మొదటిది, దాన్ని వాక్యం ముందుకు జరిపితే ప్రశ్న అవుతుందా? ‘క్యాన్ షీ స్విమ్?’ అవుతుంది. ‘లైక్స్ షీ మ్యాంగోస్?’ అవదు. రెండోది, దాని పక్కన నేరుగా ‘నాట్’ చేరుతుందా? ‘షీ క్యాన్ నాట్’ చేరుతుంది. ‘షీ లైక్స్ నాట్’ నేటి ఇంగ్లీషులో చేరదు. ఈ రెండు పరీక్షల్లో నెగ్గిన మాటే ఖాళీ ముందు నిలబడగలదు. లైక్ రెండింట్లోనూ ఓడింది కాబట్టి ‘ఐ లైక్ టూ’ నిలవలేదు.

మరి మొదటి సగంలో హెల్పింగ్ వెర్బే లేకపోతే? ప్రశ్న వేసేటప్పుడు ఏం చేస్తామో ఇక్కడా అదే చేస్తాం, డూను రప్పిస్తాం. ‘షీ లైక్స్ మ్యాంగోస్’ అన్నదానికి ప్రశ్న ‘డజ్ షీ లైక్ మ్యాంగోస్?’ కదా, అదే డజ్, డూ, డిడ్ ఖాళీ ముందుకు వస్తాయి. ‘షీ లైక్స్ మ్యాంగోస్, అండ్ ఐ డూ టూ.’ ‘షీ స్వామ్, అండ్ ఐ డిడ్ టూ.’ కాలం గుర్తును డూ మోస్తుంది, పని ఏమిటన్నది వెనక వాక్యం చెబుతుంది.

ఇక్కడ తడబడేది హ్యావ్ దగ్గర. ‘షీ హ్యాజ్ ఫినిష్డ్’ అన్నప్పుడు హ్యాజ్ హెల్పింగ్ వెర్బు. అందుకే ‘అండ్ ఐ హ్యావ్ టూ’ సరైనదే. ‘షీ హ్యాజ్ ఎ కార్’ అన్నప్పుడు మాత్రం హ్యాజ్ అసలు క్రియ, కలిగి ఉండటం అని దాని అర్థం. ‘డజ్ షీ హ్యావ్ ఎ కార్?’ అని అడుగుతాం కాబట్టి జవాబు కూడా ‘ఐ డూ టూ’ అవుతుంది. పాతకాలపు బ్రిటిష్ ఇంగ్లీషులో ‘హ్యావ్ యూ ఎ కార్?’ అని అడిగే అలవాటుండేది, అందుకని అక్కడ ‘ఐ హ్యావ్’ కూడా చెల్లేది. ఈజ్, యామ్‌లతో మాత్రం ఈ తంటా లేదు. అవి అసలు క్రియలుగా వచ్చినా పరీక్షలు రెండూ నెగ్గుతాయి. ‘షీ ఈజ్ ఎ డాక్టర్, అండ్ ఐ యామ్ టూ’ నిక్షేపంలా నిలుస్తుంది.

హెల్పింగ్ వెర్బులకున్న ఈ గుణానికి బ్రిటిష్ భాషాశాస్త్రవేత్త జె.ఆర్. ఫిర్త్ ‘కోడ్’ అని పేరు పెట్టాడు. లండన్‌లో భాషాశాస్త్ర ఆచార్యుడు కాకముందు ఆయన లాహోర్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో ఇంగ్లీషు చెప్పినవాడు. ఆ పేరు బాగా కుదిరింది. ‘విల్ హీ?’ ‘హీ మైట్.’ ‘హీ షుడ్.’ ‘బట్ హీ కాంట్!’ అని ఇద్దరు మాట్లాడుకుంటుంటే మధ్యలో వచ్చినవాళ్లకు ఒక్క ముక్క అంతుపట్టదు. మొదటి వాక్యం విన్నవాళ్ల చేతిలోనే దాని తాళంచెవి ఉంటుంది.

మన నోటికి ‘ఐ లైక్’ ఎందుకు వస్తుంది?

తెలుగు కూడా మాటలు ధారాళంగా వదిలేస్తుంది, కాకపోతే వదిలేది వేరు. ‘నువ్వు టీ తాగుతావా?’ అంటే ‘తాగుతాను’ అంటాం. నేను పోయింది, టీ పోయింది, క్రియ ఒక్కటీ మిగిలింది. ‘నిన్న ఆ సినిమా చూశావా?’ అంటే ‘చూశాను’. ‘ఆమెకి ఈత వచ్చు, నాకూ వచ్చు’ అన్నప్పుడు ఈత పోయింది, వచ్చు ఉంది. మన క్రియలో ఎవరు, ఎప్పుడు అన్న వివరం ఉంటుంది. నామవాచకాలు లేకపోయినా అది ఒక్కటే వాక్యాన్ని మోస్తుంది.

ఇంగ్లీషు దీనికి ఎదురు తిరిగి నడుస్తుంది. కర్త ఉండాలి, హెల్పింగ్ వెర్బు ఉండాలి, అసలు క్రియా దాని వెంట వచ్చే కర్మా కట్టగట్టుకుని పోవాలి. ‘డిడ్ యూ సీ ద ఫిల్మ్?’ అంటే ‘ఐ డిడ్’. క్రియను ఉంచుకుని కర్మను మాత్రం వదిలేస్తానంటే ఇంగ్లీషు ఒప్పుకోదు, దాని స్థానంలో కనీసం ‘ఇట్’ అయినా పెట్టమంటుంది. మనం ‘నాకూ ఇష్టమే’, ‘చూశాను’ అన్న తెలుగు కొలతలతో ఇంగ్లీషు కుడతాం. దాంతో ‘ఐ లైక్ టూ’, ‘ఐ సా’ తయారవుతాయి. మాటలు వదలడం రాక చేసే తప్పులు కావివి. తెలుగు పద్ధతిలో చక్కగా వదలడం వచ్చినందువల్ల చేసే తప్పులు.

తిరగేసి చూస్తే ఇంగ్లీషు పద్ధతి తెలుగులో అసలు కుదరదని తెలుస్తుంది. ‘ఆమె ఈదగలదు, నేనూ గలను’ అని ఎవరమూ అనం. ‘గల’ అనేది ఈదు అనే ధాతువుకు అతుక్కుని ఉండే ముక్క, విడిచి నిలబడలేదు. అందుకే ‘నేనూ ఈదగలను’ అని క్రియను మళ్లీ అనాలి, కాదంటే ‘నేను కూడా’ అని క్రియాభాగం మొత్తాన్నీ వదిలేయాలి. క్యాన్ విడిగా నిలబడగల మాట కాబట్టే ఇంగ్లీషులో ‘ఐ క్యాన్ టూ’ సాధ్యమైంది.

పొట్టి ‘టు’ చేసే పని

హెల్పింగ్ వెర్బులతో పాటు ఖాళీ ముందు నిలబడగల చిన్న మాట ఇంకొకటి ఉంది. క్రియకు ముందు వచ్చే పొట్టి ‘టు’. ‘కూడా’ అనే అర్థమిచ్చే దీర్ఘపు ‘టూ’ వేరు. ‘వుడ్ యూ లైక్ టు జాయిన్ అజ్?’ అని ఎవరైనా అడిగితే ‘ఐడ్ లవ్ టు’ అనాలి. చాలామంది ‘ఐడ్ లవ్’ అని ఆపేస్తారు. ‘షీ వాంట్స్ టు స్విమ్, అండ్ ఐ వాంట్ టూ’ అనడమూ అలాంటిదే. అక్కడ ‘ఐ వాంట్ టు, టూ’ అని రెండు రావాలి. చెవికి వింతగా ఉందనిపిస్తే ‘ఐ డూ టూ’ అనేయొచ్చు.

కొన్ని క్రియలు ఈ టు లేకుండానే ఆగగలవు. ‘ఐ ఆస్క్‌డ్ హర్ టు కమ్, బట్ షీ రిఫ్యూజ్డ్’ అంటే చాలు. ఫర్‌గెట్, అగ్రీ, ట్రై కూడా అంతే. ‘ఇఫ్ యూ లైక్’, ‘ఇఫ్ యూ వాంట్’ లాంటి పలుకుబళ్లు కూడా టు లేకుండా చెల్లుతాయి. ఏ క్రియకు ఈ వెసులుబాటు ఉందో అర్థాన్ని బట్టి ఊహించలేం. రిఫ్యూజ్‌కు ఉంది, దాదాపు అదే పని చేసే డిక్లైన్‌కూ ఉంది, లవ్‌కు, హోప్‌కు లేదు. క్రియతో పాటే దాని అలవాటునూ నేర్చుకోవాలి. అనుమానం వస్తే టు ఉంచితే సరిపోతుంది. ‘షీ రిఫ్యూజ్డ్ టు’ అన్నా తప్పు కాదు.

ఒక మెసేజ్‌ను పరీక్షిద్దాం

ఇంతవరకు చెప్పుకున్నది ఒకేచోట ఎలా పనిచేస్తుందో చూడటానికి ఒక చిన్న మెసేజ్ అల్లుదాం. హాస్టల్లో ఉండే అమ్మాయిని స్నేహితురాలు అడిగింది, ‘ఆర్ యూ కమింగ్ ఆన్ ద ట్రిప్?’ అని. ఆ అమ్మాయి ఇలా జవాబిచ్చింది:

‘యెస్, ఐమ్. మై రూమ్మేట్ లైక్స్ ట్రెకింగ్, అండ్ ఐ లైక్ టూ. షీ హ్యాజ్ ఎ టెంట్, బట్ ఐ డోంట్. షీ వాజ్ ఇన్ ద లాస్ట్ గ్రూప్, అండ్ దిస్ టైమ్ ఐ విల్ టూ. షీ కాంట్ కుక్, అండ్ ఐ కాంట్ టూ. యూ వాంట్ మీ టు బ్రింగ్ ద స్నాక్స్? ఐడ్ లవ్.’

ఇందులో ఆరు చోట్ల మాటలు వదిలేసింది. ఒక్కచోట మాత్రమే సరిగ్గా వదిలింది.

‘యెస్, ఐమ్’ అన్నదాంట్లో యామ్ హెల్పింగ్ వెర్బే. కానీ దాన్ని కుదించి ఐకి అతికించేసింది. ఖాళీకి ముందున్న హెల్పింగ్ వెర్బును కొంత ఒత్తి పలకాలి, వదిలేసిన దాని బరువు దాని మీదే పడుతుంది. కుదించిన రూపానికి ఒత్తు ఉండదు. అందుకే ‘యెస్, ఐ యామ్’ అని విడదీసి అనాలి, రాయాలి. ‘షీజ్ కమింగ్, అండ్ ఐమ్ టూ’ అనడం కూడా ఇందుకే తప్పు. ‘నో, ఐమ్ నాట్’ మాత్రం సరైనదే. అక్కడ ఖాళీకి ముందు నాట్ నిలబడి ఒత్తును తను తీసుకుంది. కాంట్, డోంట్ లాంటి నాట్ కలిసిన పొట్టి రూపాలకూ ఇబ్బంది లేదు.

‘ఐ లైక్ టూ’ సంగతి తెలిసిందే, ‘ఐ డూ టూ’ అని దిద్దాలి. ‘షీ హ్యాజ్ ఎ టెంట్, బట్ ఐ డోంట్’ అన్నది ఆ ఒక్క ఒప్పు. హ్యాజ్ ఇక్కడ అసలు క్రియ కాబట్టి డూ రావడం న్యాయం. పోలిక లేదు, తేడా ఉంది కాబట్టి టూ రాకపోవడమూ న్యాయమే.

నాలుగోది కాస్త తిరకాసు. ‘షీ వాజ్ ఇన్ ద లాస్ట్ గ్రూప్, అండ్ దిస్ టైమ్ ఐ విల్ టూ.’ విల్ హెల్పింగ్ వెర్బే, కుదించలేదు కూడా. మరి తప్పెక్కడ? ఇలాంటప్పుడు వదిలేసిన మాటలను తిరిగి నింపి చూడాలి. నింపితే ‘ఐ విల్ బీ ఇన్ ద గ్రూప్’ అని వస్తుంది. కానీ వెనక వాక్యంలో ‘బీ’ ఎక్కడా లేదు, ఉన్నది ‘వాజ్’. మామూలు క్రియల రూపం మారినా ఇంగ్లీషు పట్టించుకోదు. ‘షీ వెంట్ యెస్టర్‌డే, అండ్ ఐ విల్ టుమారో’ అనొచ్చు, వెంట్ నుంచి గోను వినేవాళ్లు తీసుకుంటారు. బీ విషయంలో మాత్రం ఆ సర్దుబాటు ఉండదు. వాజ్, ఈజ్, ఆర్‌ల నుంచి బీని రాబట్టుకోమంటే కుదరదు. దాన్ని పైకి అనాల్సిందే. ‘దిస్ టైమ్ ఐ విల్ బీ టూ’ అంటే సరిపోతుంది.

‘షీ కాంట్ కుక్, అండ్ ఐ కాంట్ టూ’ అనడానికి కారణం మన కూడా, మన ఊకారం. ‘ఆమెకి వచ్చు, నాకూ వచ్చు’, ‘ఆమెకి రాదు, నాకూ రాదు’ అని రెండు చోట్లా ఒకే ఊ వాడతాం. ఇంగ్లీషు అవునన్నప్పుడు టూ వాడుతుంది, కాదన్నప్పుడు ఐదర్ వాడుతుంది. ‘ఐ కాంట్ ఐదర్’ అనాలి, లేదా ‘నైదర్ క్యాన్ ఐ’ అనాలి. చివరి ‘ఐడ్ లవ్’ పక్కన టు చేరిస్తే మెసేజ్ మొత్తం చక్కబడుతుంది.

ముందు ఎవరో ఒకరు అని ఉండాలి

హెల్పింగ్ వెర్బుతో మాట వదలడానికి ఇంకో షరతుంది. సందర్భాన్ని బట్టి అర్థమైతే చాలదు, ఆ మాట ముందు పైకి వినబడి ఉండాలి. ఒకాయన నిండు గ్యాస్ సిలిండర్‌ను ఒక్కడే భుజానికెత్తుకోబోతున్నాడనుకోండి. ఇంకా ఎవరూ నోరు విప్పలేదు. పక్కనున్నావిడ ‘ఐ డోంట్ థింక్ యూ క్యాన్ డూ ఇట్’ అంటే సహజంగా ఉంటుంది. డూ ఇట్ లేకుండా ‘ఐ డోంట్ థింక్ యూ క్యాన్’ అని మొదలుపెడితే ఇంగ్లీషు సొంత భాషగా ఉన్నవాళ్ల చెవికి ఎబ్బెట్టుగా ఉంటుంది. అదే ఆయన ముందుగా ‘ఐల్ లిఫ్ట్ దిస్ మైసెల్ఫ్’ అని ఉంటే ఆ జవాబు ఇట్టే అతుకుతుంది. జార్జ్ హాంకమర్, ఐవన్ శాగ్ అనే ఇద్దరు అమెరికన్ భాషాశాస్త్రవేత్తలు 1976లో రాసిన వ్యాసంలో ఈ తేడాను ఎత్తి చూపారు. ‘డూ ఇట్’ కంటికి కనిపించే పనినైనా సూచించగలదు, ఖాళీ మాత్రం మాటనే వెతుక్కుంటుంది. ‘షల్ వీ?’, ‘మే ఐ?’, ‘డోంట్!’ లాంటి కొన్ని వాడుకలు ఈ షరతుకు లొంగవు, వాటిని ఎవరూ ఏమీ అనకముందే అనొచ్చు.

పైకి అన్న మాట ఉన్నా, దాని తీరు మరీ వేరైతే వాక్యం కుంటుతుంది. ‘ద బిల్ వాజ్ పెయిడ్ బై రవి, అండ్ సీత డిడ్ టూ’ అన్నదాన్ని చూడండి. మొదటి సగం పాసివ్‌లో ఉంది, రెండోది యాక్టివ్‌లో నడుస్తోంది. నింపితే ‘సీత పెయిడ్ ద బిల్’ అని వస్తుంది, వెనక ఆ వరసలో మాటలు లేవు. అర్థం ఊహించుకోగలం, కానీ చాలామంది దీన్ని ఒప్పుకోరు. మొదటి సగాన్ని ‘రవి పెయిడ్ ద బిల్’ అని మారిస్తే చిక్కు విడిపోతుంది.

బ్రిటిష్ వాడుకలో ఇంకో విశేషం వినిపిస్తుంది. ‘విల్ యూ కమ్?’ అంటే అక్కడివాళ్లు ‘ఐ మైట్’ అనడంతో పాటు ‘ఐ మైట్ డూ’ అని కూడా అంటారు. అమెరికన్ల నోట ఇది రాదు. బ్రిటిష్ నవల్లోనో సీరియల్లోనో ఇది కనిపిస్తే తప్పనుకోనక్కర్లేదు, మనం రాసేటప్పుడు ఆ డూ లేకుండా రాస్తే రెండు చోట్లా చెల్లుతుంది.

వ్యాకరణం ఒప్పుకున్నా వదలకూడని చోటు

ఇలాంటి వాక్యం సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి వరస ఒకటే. ఖాళీకి ముందు హెల్పింగ్ వెర్బో, టునో ఉందా? ఉంటే దాన్ని కుదించకుండా పూర్తిగా అన్నామా? వదిలిన మాటలను వెనక వాక్యం నుంచి తెచ్చి నింపితే వాక్యం నిలుస్తోందా, బీ ఎక్కడైనా తప్పిపోయిందా? అవును, కాదులను బట్టి టూ, ఐదర్ సరిగ్గా పడ్డాయా? ఇవన్నీ నెగ్గితే వాక్యం వ్యాకరణానికి సరిపోయినట్టే.

అయినా అది రెండు అర్థాలివ్వొచ్చు. ‘రమేశ్ సైన్డ్ హిజ్ స్టేట్‌మెంట్, అండ్ సురేశ్ డిడ్ టూ.’ పరీక్షలన్నీ నెగ్గిన వాక్యమిది. కానీ సురేశ్ దేనిమీద సంతకం పెట్టాడు? తన సొంత స్టేట్‌మెంట్ మీదా, సాక్షిగా రమేశ్ స్టేట్‌మెంట్ మీదా? ‘హిజ్’ అన్న మాటను యథాతథంగా తెచ్చి నింపితే రమేశ్‌దే అవుతుంది. కర్తకు తగ్గట్టు మలిచి నింపితే సురేశ్‌ది అవుతుంది. వినేవాళ్లు ఈ రెంటిలో ఏదైనా చేయొచ్చు. జాన్ రాబర్ట్ రాస్ అనే అమెరికన్ 1967లో ఎంఐటీలో సమర్పించిన పరిశోధన గ్రంథంలో ఈ రెండో రకం నింపకాన్ని చర్చించాడు. కర్తను బట్టి అర్థం మారే ఆ వెసులుబాటుకు వదులు పోలిక అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. అప్పటి నుంచీ భాషాశాస్త్రవేత్తలు దాని మీద వాదించుకుంటూనే ఉన్నారు.

కబుర్లలో దీంతో ఏ నష్టమూ లేదు, సందర్భమే తేల్చేస్తుంది. అదే వాక్యం పోలీసు రిపోర్టులోనో, ఆఫీసు విచారణ నివేదికలోనో, అద్దె ఒప్పందంలోనో ఉంటే చదివేవాళ్లు ఆరు నెలల తర్వాత చదువుతారు, అడగడానికి రాసినవాళ్లు పక్కన ఉండరు. వదిలిన భాగంలో హిజ్, హర్, దెయిర్ లాంటి మాట ఉందంటే అక్కడ వదలడం మానుకోవాలి. ‘సురేశ్ సైన్డ్ హిజ్ ఓన్ స్టేట్‌మెంట్’ అనో, ‘సురేశ్ సైన్డ్ రమేశ్’స్ స్టేట్‌మెంట్ యాజ్ ఎ విట్‌నెస్’ అనో పూర్తిగా రాస్తే నాలుగు మాటలు ఎక్కువవుతాయి, రెండో అర్థానికి తావుండదు.